మా వాడి పన్ను విరగ్గొట్టిన అబ్బాయి వాళ్లింటికి వెళ్లాలి, ఎలా మాట్లాడాలి?

స్వాతి_కూకట్‌పల్లి
నిద్ర పట్టట్లేదు, అందుకే ఇంత రాత్రి రాస్తున్నా. మా బాబు ఐదో తరగతి. మా అపార్ట్‌మెంట్‌లోనే నాలుగో ఫ్లోర్‌లో ఆరో తరగతి చదివే అబ్బాయి ఉన్నాడు, ఇద్దరూ రోజూ సెల్లార్‌లో కలిసే క్రికెట్ ఆడతారు. ఈ సాయంత్రం అవుటా కాదా అని మొదలై ఆ అబ్బాయి బ్యాట్‌తో మూతి మీద కొట్టాడట. పై పెదవికి కుట్లు పడ్డాయి, ముందు పన్ను సగానికి విరిగింది, అది పాలపన్ను కూడా కాదు. వాచ్‌మన్ ఎత్తుకొచ్చాడు, చొక్కా అంతా రక్తం.

వాళ్లమ్మ లిఫ్ట్ దగ్గర కనిపిస్తే నవ్వుకునే పరిచయం, అంతే. ఇప్పటిదాకా వాళ్ల దగ్గర్నుంచి ఒక్క ఫోన్ లేదు. మా ఆయన ఇప్పుడే పైకి వెళ్లి తేల్చుకుంటా అంటే చెయ్యి పట్టుకుని ఆపాను. వెళ్లకుండా ఊరుకోలేం, అలాగని ఒకే బిల్డింగ్‌లో జీవితాంతం మొహాలు తిప్పుకుని తిరగలేం. ఏం మాట్లాడాలి, ఎప్పుడు వెళ్లాలి, ఎవరు వెళ్లాలి? ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి.

ఫణి_92
అక్కా, మాటలెందుకు. పన్ను విరిగితే చట్టం ప్రకారం అది తీవ్ర గాయమే, మామూలు దెబ్బ కిందికి రాదు. ఏడేళ్లలోపు పిల్లలకే మినహాయింపు ఉంది, ఆ అబ్బాయికి పదకొండు ఉంటాయి కదా. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లి ఎఫ్‌ఐఆర్ రాయించండి, వాళ్లే దిగొచ్చి కాళ్లు పట్టుకుంటారు.

సూరిబాబు_అమలాపురం
అమ్మా, పెద్దవాడిగా చెప్తున్నాను, మీ వాడు కొట్టాడు కాబట్టి మీరే ముందు వెళ్లాలి. తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రికి రాత్రే మీరూ మీ ఆయనా వెళ్లి, పిల్లాడు ఎలా ఉన్నాడని అడిగి, ఆసుపత్రి ఖర్చు మేం పెట్టుకుంటాం అని చెప్పేసి రండి. చేతిలో రెండు పళ్లు పట్టుకెళ్లండి, ఒట్టి చేతులతో వెళ్లొద్దు.

గోదారోడు
సూరిబాబు గారూ, దెబ్బ తిన్నది ఆవిడ కొడుకండీ. పన్ను విరిగిన ఇంటికి పళ్లు పట్టుకెళ్లమంటారా 😄

సూరిబాబు_అమలాపురం
అయ్యో, కళ్లజోడు లేకుండా చదివాను. అయితే ఆ కొట్టినవాళ్లు రావాలి గానీ ఈవిడ వెళ్లడమేంటి? మా రోజుల్లో పిల్లల గొడవల్లో పెద్దలు దూరేవాళ్లం కాదు. పొద్దున కొట్టుకున్నవాళ్లు సాయంత్రానికి కలిసి ఆడుకునేవాళ్లు.

రమణి_టీచర్
స్వాతి గారూ, విజయనగరంలో బడిలో చాలా ఏళ్లు పనిచేసి, ఇలాంటి రెండు కుటుంబాలను ఒక బెంచీ మీద కూర్చోబెట్టే పని లెక్కలేనన్నిసార్లు చేసినదాన్ని. మీ ఆయన్ని ఆపడం మంచి పని. ఈ రాత్రి ఎవరూ ఎవరింటికీ వెళ్లొద్దు. ఇప్పుడు వెళ్తే మీకు తెలిసింది సగమే, వాళ్లకు తెలిసిందీ సగమే, ఆ రెండు సగాలూ గుమ్మం దగ్గర కొట్టుకుంటాయి.

ముందు బాబు సంగతి. మూతి మీద బ్యాట్ దెబ్బ అంటే తలకి కూడా అదురు తగిలి ఉండొచ్చు. ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండండి. పదేపదే వాంతులైనా, లేపితే సరిగా లేవకపోయినా, తలనొప్పి పెరుగుతూ పోయినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికే. డాక్టర్‌కి మొహమాటపడి మెట్ల మీద పడ్డాడని చెప్పి ఉంటే అది మార్చి, ఉన్నదే చెప్పండి. దెబ్బ ఎలా తగిలిందన్నది వైద్యానికీ అవసరమే, రేపు మాట తేడా వచ్చినా అవసరమే.

రెండోది, బాబుని అడిగే పద్ధతి. "వాడు కావాలనే కొట్టాడా?" అని అడిగితే ఔననే అంటాడు. మీ మొహంలో ఏ జవాబు కోసం చూస్తున్నారో పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. రేపు పొద్దున కడుపు నిండాక, పక్కన వాళ్ల నాన్న లేకుండా, "మొదట్నుంచి చెప్పు నాన్నా" అని వదిలేయండి. మధ్యలో ఆగితే "దానికి ముందు ఏమైంది?" అన్న ఒక్క ప్రశ్న తప్ప ఇంకేం అడగొద్దు. ఆ ప్రశ్న రెండు మూడుసార్లు వేస్తే గొడవ అసలు ఎక్కడ మొదలైందో అక్కడికి చేరతారు. అది అవుటా నాటవుటా దగ్గర మొదలై ఉండదని నా అనుమానం. చెప్పింది విన్నాక తిట్టొద్దు, ఓదార్చనూ వద్దు, విన్నానని చెప్పండి చాలు. ఏం విన్నా సరే, బ్యాట్ ఎత్తడం తప్పే, అందులో మార్పేమీ ఉండదు. కానీ మీరు పైకి వెళ్లినప్పుడు వాళ్ల నోటి నుంచి కొత్త సంగతి విని తెల్లమొహం వేయకూడదు.

న్యాయవాది_కర్నూలు
ఫణి గారు చెప్పినదాంట్లో సగం కరెక్టు. పన్ను విరగడం తీవ్ర గాయం కిందికే వస్తుంది, ఏడేళ్లలోపు పిల్లల పని నేరం కాదన్నదీ నిజం. మిగతా సగం వదిలేశారు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకైతే, చేసిన పని ఏమిటో, దాని పర్యవసానం ఏమిటో తెలిసే పరిణతి ఉందా లేదా అని చూస్తారు, లేకపోతే అదీ నేరం కాదు. భారతీయ న్యాయ సంహితలో 20, 21 సెక్షన్లు చూడండి, పాత ఐపీసీలో ఇవే 82, 83. పరిణతి ఉందనుకున్నా పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల సంగతి జువైనల్ జస్టిస్ బోర్డుకి వెళ్తుంది. 2016 నాటి నమూనా నియమాల ప్రకారం, మరీ ఘోరమైన నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసిందో అయితే తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టరు, జనరల్ డైరీలో రాసుకుంటారు. అంటే బెదిరించడానికి వెళ్తే బెదిరింపు కూడా సరిగ్గా పనిచేయదు.

ఇంకో మాట స్వాతి గారి భర్తకి. కోపంలో ఆ పిల్లాడి మీద ఒక్క చెంపదెబ్బ పడినా, కేసు పడేది మీ మీద. అప్పుడు వాళ్లు ఫిర్యాదుదారులు, మీరు ముద్దాయిలు.

డాలస్_మాధవి
మాకు ఇలాంటిదే అయింది, మా అమ్మాయి వేలు విరిగింది. ఇక్కడ స్కూల్ వాళ్లు అవతలి కుటుంబం పేరు కూడా చెప్పలేదు, ఏ మాటైనా మా ద్వారానే అన్నారు. ప్రిన్సిపాల్ విడివిడిగా మాట్లాడారు, అయిపోయింది. మీరు కూడా డైరెక్ట్‌గా వెళ్లకుండా స్కూల్‌కి మెయిల్ పెట్టండి.

స్వాతి_కూకట్‌పల్లి
మాధవి గారూ, ఇద్దరివీ వేర్వేరు స్కూళ్లు. జరిగింది సెల్లార్‌లో, సాయంత్రం. మెయిల్ పెడితే మాకేం సంబంధం అంటారు.

డాలస్_మాధవి
ఓహ్, అయితే కష్టమే. అసోసియేషన్ వాళ్లని మధ్యలో పెట్టండి మరి, గ్రూప్‌లో పెడితే అందరికీ తెలుస్తుంది కూడా.

రమణి_టీచర్
గ్రూప్‌లో మాత్రం పెట్టొద్దు! అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకసారి పడ్డాక అది ఇద్దరు పిల్లల గొడవగా మిగలదు. వాళ్లమ్మ పరువు కోసం మాట్లాడుతుంది, మీరు మీ పరువు కోసం మాట్లాడతారు. రక్తం కారుతున్న ఫొటో కూడా ఎవరికీ పంపొద్దు, డాక్టర్ కోసం మీ ఫోన్‌లో ఉంచుకోండి.

రేపు పొద్దున ఆ అబ్బాయి వాళ్లమ్మకి మాత్రమే, విడిగా, ఇలా పంపి చూడండి:

"అండీ, నేను కింద ఫ్లోర్ స్వాతిని. నిన్న సెల్లార్‌లో పిల్లలిద్దరి మధ్య గొడవైంది. మా వాడికి పెదవికి కుట్లు పడ్డాయి, ముందు పన్ను విరిగింది. ఇప్పుడు పర్వాలేదు, ఇంట్లోనే ఉన్నాడు. మీ బాబుకి ఏమైనా తగిలిందా? సాయంత్రం ఓసారి కూర్చుని మాట్లాడుకుందాం, పిల్లలు లేకుండా. మీకు వీలైన టైం చెప్పండి."

ఇందులో మూడు చోట్ల ఆలోచించి రాశాను. గొడవ "పిల్లలిద్దరి మధ్య" అయిందన్నాను, మీ వాడు కొట్టాడని అనలేదు, కానీ దెబ్బ ఎంతదో దాచలేదు. పర్వాలేదన్న మాట ఉంది కాబట్టి ఆ తల్లి గుండె కాస్త కుదుటపడుతుంది. చాలామంది ఫోన్ చేయకపోవడానికి కారణం పొగరు కాదండీ, భయం. ఏమైందో, ఎంత అడుగుతారో, పోలీసులొస్తారేమో అని తలుపేసుకుని కూర్చుంటారు. ఇక "మీ బాబుకి ఏమైనా తగిలిందా" అన్నది మర్యాద కోసం రాసింది కాదు, నిజంగా తగిలి ఉండొచ్చు, మీకు తెలీదు.

కొట్టినోడి_నాన్న
రమణి గారు చెప్పిన ఆ భయం గురించి నేను చెప్తా, ఎందుకంటే నేను అవతలి వైపు నిలబడ్డవాణ్ని. మా వాడు తొమ్మిదేళ్లప్పుడు పక్కింటి పిల్లాణ్ని నెట్టేస్తే చెయ్యి విరిగింది. మాకు ఆ సంగతి గంటన్నర దాకా తెలీదు, వీడు వచ్చి హోంవర్క్ చేసుకుంటూ కూర్చున్నాడు. తెలిసేసరికి కింద ఆరుగురు నిలబడి ఉన్నారు, అందులో వాళ్ల బావమరిది కూడా. నేను సారీ చెప్దామనే దిగాను, కానీ "ఏం పెంపకం రా మీది" అన్న మాట పడగానే నా నోట్లోంచి వచ్చింది సారీ కాదు. ఇప్పటికీ మా రెండిళ్ల మధ్యా మాటల్లేవు. ఆ రోజు వాళ్లాయన ఒక్కడే వచ్చి, మా వాడికి ఇలా అయిందయ్యా అని ఉంటే ఆసుపత్రికి బండి నేనే తీసేవాణ్ని.

కాబట్టి అక్కా, వెంట మందిని తీసుకెళ్లొద్దు. మొగుడూపెళ్లాలు ఇద్దరే వెళ్లండి, మీ ఆయన కోపం తగ్గకపోతే మీరొక్కరే వెళ్లండి.

ఫణి_92
కనీసం సీసీ కెమెరా ఫుటేజ్ అయినా తీసి పెట్టుకోండి. కొన్ని రోజులకే పాతది చెరిగిపోతుంది, తర్వాత మా వాడు కొట్టనేలేదు అంటే ఏం చేస్తారు?

రమణి_టీచర్
సెక్రటరీకి చెప్పి ఆ క్లిప్ చెరగకుండా ఉంచమనండి, అంతవరకు ఫణి గారి మాట మంచిదే. ఫోన్‌లో వేసుకుని వాళ్ల హాల్లో ప్లే చేయడం మాత్రం వద్దంటాను. తన కొడుకు బ్యాట్ ఎత్తే సీన్ నలుగురి ముందు చూపిస్తే ఏ తల్లయినా ఆ క్షణం లాయర్ అయిపోతుంది.

న్యాయవాది_కర్నూలు
నేనైతే చూపించమనే అంటాను రమణి గారూ. అబద్ధం చెప్పాక చూపించడం కంటే, చెప్పకముందే ఇద్దరూ కలిసి చూడటం నయం. నా దగ్గరకు వచ్చే సగం తగాదాలు నువ్వన్నావు నేననలేదు దగ్గరే మొదలవుతాయి. కాకపోతే ఆ వీడియో ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, అందులో ఉన్నది మైనర్లు.

రమణి_టీచర్
దీనిమీద మీకూ నాకూ కుదరదు లెండి. నేను చూసినంతవరకు వీడియో బయటికొచ్చాక మాట ఎవరు నెగ్గారన్న చోటే ఆగిపోతుంది.

పళ్ల_డాక్టర్_గుంటూరు
మాటల మధ్యలో పన్ను మర్చిపోతున్నారు. విరిగిన ముక్క దొరికిందా? దొరికితే పాలలోనో, నీళ్లలోనో వేసి పట్టుకెళ్లండి, చాలాసార్లు దాన్నే తిరిగి అతికించొచ్చు. దొరక్కపోతే పంటి రంగులో ఉండే కాంపోజిట్‌తో కడతారు. విరిగిన చోట మధ్యలో ఎర్రగా చుక్క కనిపిస్తుంటే నరం బయటపడినట్టు, అప్పుడు ఆలస్యం చేయొద్దు.

ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. ఇలా దెబ్బ తిన్న పన్ను ఇప్పుడు బాగానే ఉన్నట్టుండి కొన్ని నెలల తర్వాత రంగు మారొచ్చు, లోపల నరం చచ్చిపోవచ్చు, అప్పుడు రూట్ కెనాల్ పడుతుంది. మధ్యమధ్యలో ఎక్స్‌రే తీసి చూస్తూ ఉండాలి. పర్మనెంట్ క్యాప్ అనేది మామూలుగా పిల్లాడు ఎదిగాకే. అంటే మొత్తం ఎంతవుతుందో ఇవాళ ఏ డాక్టరూ చెప్పలేడు. పది వేలు ఇచ్చేస్తాం ఇంతటితో వదిలేయండి అంటే ఒప్పుకోవద్దు, మీరూ ఒక అంకె చెప్పి ఇరుక్కోవద్దు.

స్వాతి_కూకట్‌పల్లి
ముక్క వాచ్‌మన్ దగ్గర ఉందట, పొద్దున ఊడుస్తుంటే దొరికిందని కాగితంలో చుట్టి ఇచ్చాడు! ఎండిపోయింది, అయినా పాలల్లో వేసి తీసుకెళ్తున్నా.

ఇంకో సంగతి. టీచర్ గారు చెప్పినట్టే అడిగాను. మూడోసారి "దానికి ముందు?" అనేసరికి ఏడ్చేశాడు. ఆ అబ్బాయికి మాట కొంచెం తడబడుతుంది, నేనూ గమనించాను. వీళ్లంతా కలిసి కొన్నాళ్లుగా నత్తిగాడు అని పిలుస్తున్నారట. నిన్న మా వాడు వాడిలాగే నత్తినత్తిగా "అ అ అవుట్" అని అరిచాడట. ఇప్పుడు నేను ఏ మొహంతో పైకి వెళ్లను? మా ఆయన అయితే అది చెప్పొద్దు, చెప్తే మన కేసు వీకవుతుంది అంటున్నాడు.

రమణి_టీచర్
చెప్పాలండీ, మీ నోటితోనే, ముందుగానే. వాళ్ల అబ్బాయి అప్పటికే చెప్పేసి ఉంటే, మీరు దాచారని తెలిసిపోతుంది. చెప్పుకోలేక మింగి ఉంటే, ఆ తల్లికి మొదటిసారి తెలిసేది మీ ద్వారానే. నత్తి ఉన్న పిల్లలు వెక్కిరింతల సంగతి ఇంట్లో చెప్పుకోవడం తక్కువ. కేసు వీకవుతుందన్న మాట పట్టించుకోకండి, మీరు వెళ్తున్నది వాదనకి కాదు.

ఇక సాయంత్రం లోపలికి వెళ్లి కూర్చోండి. గుమ్మంలో నిలబడి మాట్లాడితే కారిడార్ మొత్తం వింటుంది, వినేవాళ్లు ఉన్నారని తెలిస్తే ఎవరి గొంతైనా లేస్తుంది. మంచినీళ్లిస్తే తాగండి. వద్దంటే మన దగ్గర అది యుద్ధ ప్రకటన కిందే లెక్క. మొదట దెబ్బ సంగతి చెప్పండి, డాక్టర్ ఏమన్నారో అంతే, విశేషణాలు లేకుండా. తర్వాత, "నేను అక్కడ లేను, మా వాడు చెప్పింది ఇది" అని ఆ వెక్కిరింత సంగతితో సహా చెప్పి, "మీ వాడు ఏం చెప్పాడండీ?" అని ఆగండి. అక్కడ ఎంతసేపు నిశ్శబ్దం ఉన్నా మీరు నింపొద్దు. "ఎప్పుడూ", "అందరూ అంటున్నారు", "పెంపకం" అనే మూడు మాటలు ఇంట్లోనే వదిలేసి వెళ్లండి.

ఒకటి మాత్రం ముందే అనుకుని వెళ్లండి. చాలా ఇళ్లలో తల్లో తండ్రో లేచి పిల్లాణ్ని హాల్లోకి లాక్కొచ్చి మీ ముందే నాలుగు బాదుతారు, "చెప్పరా సారీ" అని. అది మీకోసం చేసే పనే, కానీ ఆపాలి. లేచి నిలబడి, "వద్దండీ, కొడితే నేను వెళ్లిపోతాను" అనండి. మీ ముందు తిన్న దెబ్బ రేపు మీ వాడికే తిరిగొస్తుంది. బలవంతపు సారీ కూడా ఆ రోజు అడగొద్దు.

గోదారోడు
మరి వాళ్లు ఎదురు తిరిగితే? "మీ వాడు వెక్కిరించాడు, తగిన శాస్తి" అంటే?

రమణి_టీచర్
"వెక్కిరించడం తప్పే, దానికి మావాడు సమాధానం చెప్పుకోవాలి. బ్యాట్ సంగతి వేరే, అదీ మాట్లాడుకుందాం" అని ఒక్కసారి అనాలి. రెండోసారి కూడా అదే మాట వస్తే, "ఇవాళ ఇద్దరం వేడిగా ఉన్నాం, ఆదివారం మళ్లీ కూర్చుందాం" అని లేచి రావాలి. అప్పుడు ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఒకరిని కూర్చోబెట్టుకోవచ్చు, కమిటీ మొత్తాన్ని కాదు. అదే, ఆ అబ్బాయి పదేపదే కొడుతున్నా, తండ్రి బెదిరిస్తున్నా ఇంటికి వెళ్లే పద్ధతి పనికిరాదు, దానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, పోలీసులున్నారు. మీ కేసు అలాంటిది కాదనిపిస్తోంది.

స్వాతి_కూకట్‌పల్లి
వెళ్లొచ్చాం. అందరూ అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

మెసేజ్ పెట్టిన పది నిమిషాలకే ఫోన్ చేసింది, రాత్రంతా నిద్రపోలేదట. ఆ అబ్బాయి ఇంట్లో చెప్పింది "క్రికెట్‌లో బ్యాట్ తగిలింది" అని మాత్రమే. నత్తి సంగతి నేను చెప్పగానే ఆమె మొహం చూడలేకపోయాను. రెండేళ్లుగా స్పీచ్ థెరపీకి తిప్పుతోందట, ఈమధ్య కిందికి ఆడుకోవడానికి వెళ్లనంటే తనే బలవంతంగా పంపిస్తోందట. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. మా ఆయన కూడా గమ్మునే ఉన్నాడు, నిజంగా ఆశ్చర్యపోయాను.

వాళ్లాయన మాత్రం బయటికి రాలేదు. లోపలి గదిలో టీవీ సౌండ్ పెంచాడు. పన్ను ఖర్చు సగం పెట్టుకుంటామని ఆమె చెప్పింది కానీ అది ఆయన మాటా ఆమె మాటా తెలీదు. ముక్క అతికింది, నరం సంగతి తర్వాత చూద్దామన్నారు డాక్టర్. పిల్లలిద్దరినీ కొన్నాళ్లు సెల్లార్‌కి పంపొద్దనుకున్నాం. మా వాణ్ని తీసుకెళ్లి ఆ అబ్బాయితో మాట్లాడించాలా వద్దా అన్నదే ఇప్పుడు టెన్షన్.

కొట్టినోడి_నాన్న
ఆయన రాలేదంటే సిగ్గు అయి ఉంటుంది అక్కా. నేనూ అలాగే గదిలో కూర్చునేవాణ్నేమో. లిఫ్ట్‌లో కనిపిస్తే మీ ఆయన్ని మామూలుగా పలకరించమనండి, ఈ విషయం ఎత్తకుండా.

సూరిబాబు_అమలాపురం
ఈసారి కళ్లజోడు పెట్టుకునే చదివాను తల్లీ. పిల్లలిద్దరికీ ఐస్‌క్రీమ్ కొనిపెట్టి కలిపేయండి, పెద్దది చేయకండి.

రమణి_టీచర్
ఐస్‌క్రీమ్‌కి ఇంకా టైం ఉంది సూరిబాబు గారూ. స్వాతి గారూ, ముందు మీ వాడు సిద్ధంగా ఉన్నాడో లేదో చూడండి. వాడూ దెబ్బ తిన్నవాడే, వెంటనే వెళ్లి క్షమాపణ చెప్పమంటే నన్ను కొట్టినవాడికి నేనెందుకు చెప్పాలి అంటాడు, అందులోనూ న్యాయం ఉంది. మాట్లాడించేటప్పుడు కూడా మీ ఇద్దరు తల్లుల ముందు వద్దు, ఆ అబ్బాయికి టెన్షన్‌లో మాట ఇంకా తడబడుతుంది. కావాలంటే మీ వాణ్ని రెండు లైన్లు రాసిమ్మనండి. అంతకన్నా ముఖ్యం, ఆ పేరు పెట్టి పిలిచే మిగతా పిల్లలు. వాళ్ల తల్లులతో ఎవరు మాట్లాడాలన్నది మీరిద్దరూ కలిసి అనుకోండి, మీరొక్కరే వెళ్లి చెప్తే కొత్త తగాదా అవుతుంది.

ఫణి_92
సగం ఖర్చు అని కాగితం మీద రాయించుకోవాల్సింది అక్కా. రేపు వాళ్లాయన నాకేం తెలీదంటాడు చూడండి.

పళ్ల_డాక్టర్_గుంటూరు
కాగితం అక్కర్లేదు. ప్రతిసారీ బిల్లు ఫొటో తీసి, ఎక్స్‌రేలో ఏముందో ఒక లైన్ రాసి ఆమెకి పంపుతూ ఉండండి, డబ్బు ఊసు ఎత్తకుండానే. తర్వాతి చెకప్ తేదీ కూడా చెప్పి ఉంచండి. మూడు నెలల తర్వాత రూట్ కెనాల్ పడిందనుకోండి, అప్పుడు ఉన్నట్టుండి పెద్ద బిల్లు పట్టుకెళ్లి అడిగినట్టు ఉండదు.

స్వాతి_కూకట్‌పల్లి
ఇవాళ్టి బిల్లు పంపాను. సగం ఫోన్‌పే చేసింది. వాళ్లాయన నంబర్ నుంచి.